విరిచేది ఒకటి, బిగించేది ఒకటి: కాల్చిసిన్, టాక్సాల్ కథ

ఈ వారం రెండు మొక్కల విషాల గురించి చెబుతాను. ఒకటి పడిపోయేలా చేస్తుంది, రెండోది పడకుండా నిలబెడుతుంది. రెండూ తాకేది ఒకే వస్తువుని. చివరికి రెండింటి ఫలితమూ ఒకటే: కణం రెండుగా చీలలేక ఆగిపోతుంది. ఇదెలా సాధ్యం అన్నదే నేటి ముచ్చట.

మొదటి విషం కాల్చిసిన్. యూరప్‌లో శరదృతువులో పూసే కాల్చికం అనే మొక్కలో ఉంటుంది. మన అడవినాభి దుంపలోనూ, గింజల్లోనూ ఉన్నది ఇదే. బొటనవేలు వాచి మంచం పట్టించే గౌట్ జబ్బుకి ఆరో శతాబ్దం నాటికే గ్రీకు వైద్యులు ఈ జాతి దుంపలు వాడేవారు. 1820లో ఫ్రాన్స్‌లో పెలెటియే, కావెంతూ అనే ఇద్దరు రసాయనవేత్తలు దీని నుంచి మందు సారాన్ని వేరు చేశారు. మందుకీ విషానికీ మధ్య దూరం ఇందులో చాలా తక్కువ.

కాల్చిసిన్ తగిలిన కణాలు విభజన మధ్యలో నిలిచిపోతాయని 1930లలో బెల్జియంలో ద్యూస్తాఁ బృందం గట్టిగా చూపించింది. 1937లో అమెరికాలో బ్లేక్స్లీ, ఏవరీలు మొక్కల మీద ప్రయోగించి, క్రోమోసోములు రెట్టింపైన మొక్కల్ని పుట్టించారు. కణం తన క్రోమోసోముల్ని రెట్టింపు చేసుకుంది కాని, వాటిని రెండు వాటాలుగా పంచుకోలేకపోయింది. మనం ఇక్కడ దుకాణాల్లో కొనే గింజల్లేని పుచ్చకాయ వెనక ఉన్నది ఈ కిటుకే. రెట్టింపు క్రోమోసోముల పుచ్చమొక్కని మామూలు మొక్కతో సంకరం చేస్తే, గింజ కట్టని పిల్ల మొక్క వస్తుంది.

పంచే పని చేసేది ఏది? విభజన వేళ కణంలో నేతగాళ్ళ కండెలాంటి ఆకారం ఒకటి ఏర్పడుతుంది. ఆ కండె దారాలు క్రోమోసోముల్ని పట్టుకుని చెరో వైపుకి లాగుతాయి. 1952లో షిన్యా ఇనౌయే బతికి ఉన్న అండకణాల్ని ప్రత్యేకమైన సూక్ష్మదర్శినిలో చూస్తూ కాల్చిసిన్ వేశాడు. ఆయన కళ్ళెదుటే కండె కరిగిపోయింది. అంటే విషం తగిలే చోటు కండెలోనే ఎక్కడో ఉందన్నమాట. కాని ఎక్కడ?

షికాగో విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ టేలర్, ఆయన విద్యార్థి గ్యారీ బోరిసీ ఒక తేలికైన ఉపాయం పట్టారు. కాల్చిసిన్‌కి రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించి, రకరకాల కణాల సారంలో కలిపారు. ఆ గుర్తు ఏ ప్రోటీన్‌కి అంటుకుంటే అదే దొంగ. 1967లో వచ్చిన ఫలితం వింతగా ఉంది. విభజించుకుంటున్న కణాల్లో అంటుకుంది, సరే. వీర్యకణాల తోకల్లో అంటుకుంది. అన్నిటికన్నా ఎక్కువగా అంటుకున్నది మెదడులో! మెదడులోని నాడీకణాలు విభజించుకోవు కదా? అక్కడ కండె ఎందుకుంటుంది?

ఆ చిక్కు విప్పడంతో అసలు సంగతి బయటపడింది. ఆ ప్రోటీన్ కండెకి మాత్రమే చెందింది కాదు. వీర్యకణం తోకలో, నాడీకణం పొడుగాటి తీగలో, కండె దారాల్లో ఉన్నవి ఒకే రకం సన్నని గొట్టాలు. వాటినే మైక్రోట్యూబ్యూల్స్ అంటారు, తెలుగులో సూక్ష్మనాళికలు అనుకుందాం. వాటికి ఇటుక లాంటి ప్రోటీన్‌కి 1968లో ట్యూబ్యులిన్ అని పేరు పెట్టారు. నాళిక చివర్న ఇటుకలు చేరితే అది పెరుగుతుంది, ఊడితే తరుగుతుంది. కాల్చిసిన్ విడి ఇటుకకి అతుక్కుని దాన్ని వంకరగానే ఉంచుతుంది. వంకర ఇటుకతో గోడ లేవదు. కొత్త నాళికలు కట్టుకోవు, పాతవి కూలిపోతాయి.

ఇక రెండో కథ. 1962 ఆగస్టులో ఆర్థర్ బార్క్లే అనే వృక్షశాస్త్రజ్ఞుడు వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో పసిఫిక్ యూ చెట్టు బెరడు సేకరించాడు. నార్త్ కరోలినాలో మన్రో వాల్, మన దేశం నుంచి వెళ్ళిన మన్సుఖ్ వాణీ కలిసి అందులోని సారాన్ని వేరుచేసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. అదే టాక్సాల్. బెరడులో అది అతి కొద్దిగా ఉంటుంది, చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది, బెరడు ఒలిస్తే చచ్చిపోతుంది. పైగా మందు నీళ్ళలో కరగదు. ఇంత కష్టం ఎందుకని చాలామంది దాన్ని పక్కన పెట్టేశారు.

1977లో జాతీయ కేన్సర్ సంస్థ న్యూయార్కులో సూజన్ హార్విట్స్‌కి టాక్సాల్ ఎలా పనిచేస్తుందో చూడమని రాసింది. ఆమె, విద్యార్థి పీటర్ షిఫ్ కణాల మీద వేసి చూస్తే అవి విభజనలో నిలిచిపోయాయి. ఇంకో కాల్చిసిన్ దొరికిందని అనుకోవడం సహజం. కాని పరీక్షనాళికలో చూస్తే అంతా తలకిందులు. మామూలుగా ట్యూబ్యులిన్‌ని వెచ్చగా ఉంచితే కాసేపు ఆగి నాళికలు కడుతుంది, ద్రావణం మసకబారుతుంది. మంచులో పెడితే విడిపోయి మళ్ళీ తేటపడుతుంది. టాక్సాల్ వేస్తే ఆ ఆగడమే లేదు, వెంటనే మసక. నాలుగు డిగ్రీల చలిలో పెట్టినా నాళికలు విడిపోలేదు. 1979లో నేచర్ పత్రికలో ఇది అచ్చయింది. టాక్సాల్ కట్టిన నాళిక లోపలి వైపు అతుక్కుని ఇటుకల్ని ఊడనివ్వదు.

మరి నాళికలు గట్టిపడితే కణానికి మేలు కదా? కాదు. విభజన వేళ కండె దారాలు క్షణక్షణం పెరుగుతూ తరుగుతూ క్రోమోసోముల కోసం తడుముకోవాలి, దొరికాక లాగాలి. ఒక్క క్రోమోసోము సరిగా పట్టు దొరక్కుండా ఉన్నా కణంలో కాపలా వ్యవస్థ ఒకటి ‘ఆగు’ అంటుంది. దారాలే లేకపోయినా, బిర్రబిగిసిపోయినా కణం ఆ ఆజ్ఞ దగ్గర గంటల తరబడి నిలబడిపోతుంది. చివరికి చస్తుంది, లేదా పంపకం జరక్కుండానే బయటికి జారుకుంటుంది. తరచుగా విభజించుకునే కణాలు ఈ గుమ్మం దగ్గరికి మాటిమాటికీ వస్తాయి కనక ఎక్కువగా చిక్కేవి అవే. వెంట్రుకల కుదుళ్ళు, ఎముక మజ్జ కూడా అలాంటివే. అందుకే రోగికి జుట్టు రాలుతుంది, తెల్లకణాలు తగ్గుతాయి.

అయితే కథ ఇంత నున్నగా లేదు. 2014లో విస్కాన్సిన్ పరిశోధకులు రొమ్ము కేన్సర్ రోగుల గడ్డల నుంచే ముక్కలు తీసి చూశారు. అక్కడికి చేరే కొద్ది మోతాదులో టాక్సాల్ కణాల్ని ఎక్కువసేపు ఆపడం లేదు. కండెకి రెండు కొనలకి బదులు మూడో, నాలుగో మొలిచి, క్రోమోసోములు అడ్డదిడ్డంగా పంపకమై పిల్ల కణాలు చస్తున్నాయి.

1992 డిసెంబరులో అండాశయ కేన్సర్‌కి టాక్సాల్‌ని ఎఫ్.డి.ఎ. అనుమతించింది. బెరడు కొరతని తర్వాత యూ ఆకుల నుంచి తీసిన పదార్థంతో తీర్చారు. కాల్చిసిన్ మాత్రం కేన్సర్ మందు కాలేకపోయింది. గడ్డని ఆపేంత మోతాదు మనిషికే ప్రమాదం. గౌట్‌కి చిన్న మోతాదులో ఇప్పటికీ వాడతారు. వాపు పుట్టించే తెల్లకణాల కదలికల్ని అది అణుస్తుంది.

టాక్సాల్ తీసుకుంటున్నవారికి వేళ్ళ కొసలు తిమ్మిరెక్కుతాయి, పాదాలు మొద్దుబారతాయి. ఆ నాడులు విభజించుకోవు. కాని వెన్ను దగ్గర నుంచి కాలివేలి దాకా సాగిన తీగలో సరుకు మోసుకెళ్ళే దారి ఈ నాళికలే. 1967లో మెదడులో గుర్తు ఎందుకంత అంటుకుందో, ఈ తిమ్మిరి ఎందుకొస్తుందో, రెండింటికీ జవాబు ఒకటే. మీ ఇంట్లో ఎవరైనా ఈ మందు మీద ఉంటే, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా అని అడగండి. అవునంటే, వచ్చే మోతాదుకి ముందే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. మోతాదు తగ్గించాలా, వ్యవధి పెంచాలా అన్నది వారు నిర్ణయిస్తారు.