అద్దె గడియారం ఎప్పుడు మొదలవుతుంది? ఆఫీసు లీజుల్లో ఫిట్-అవుట్ కాలపు చరిత్ర

ఆఫీసు కోసం స్థలం అద్దెకు తీసుకున్న సంస్థ అందులో గోడలు, సీలింగు, వైరింగు, ఏసీ, బల్లలు సమకూర్చుకునే పనిని ఫిట్-అవుట్ అంటారు. ఆ పని జరిగే నెలలకు అద్దె వసూలు చేయకపోవడం నేడు భారతదేశపు వాణిజ్య లీజుల్లో మామూలే. అయితే ఎన్ని నెలలు అన్నదానికన్నా ఆ నెలలు ఏ రోజు నుంచి లెక్కకు వస్తాయన్నదే అసలు బేరం. ఆ లెక్క నోటి మాటగా మొదలై, లీజు పత్రంలో నిర్వచనంగా ఎదిగిన తీరే ఈ విషయపు చరిత్ర.

దీనికి చట్టపరమైన పునాది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 105వ సెక్షన్ లీజును నిర్వచించింది. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు పత్రం ద్వారానే జరగాలని 107వ సెక్షన్ చెప్పింది. అద్దెలేని కాలం గురించి ఆ చట్టంలో ప్రస్తావనే లేదు. అంటే అది అద్దెదారుకు చట్టం ఇచ్చిన హక్కు కాదు, ఒప్పందంలో రాయించుకుంటేనే దక్కేది. 1872 నాటి సాక్ష్య చట్టపు 92వ సెక్షన్ ఈ సంగతిని మరింత బిగించింది. రాతపూర్వక ఒప్పందంలోని షరతులకు విరుద్ధమైన నోటి మాటను సాక్ష్యంగా తీసుకోరాదన్నది దాని సారం. ఒప్పందాన్ని తర్వాత నోటి మాటతో మార్చుకున్నామని చెప్పడం కూడా రిజిస్టరైన పత్రం విషయంలో చెల్లదు. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చినా ఈ సూత్రం కొనసాగింది.

స్వాతంత్ర్యం తర్వాతి దశాబ్దాల్లో అద్దె చట్టాల దృష్టి వేరు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం న్యాయమైన అద్దె ఎంత, అద్దెదారును ఎప్పుడు ఖాళీ చేయించవచ్చు అన్న ప్రశ్నలతో ఏర్పడింది. నాటి ఆఫీసుకు బల్లలు, బీరువాలు, ఫ్యాన్లు ఉంటే చాలు. తాళంచెవి చేతికి వచ్చిన కొద్ది రోజుల్లోనే పని మొదలయ్యేది కాబట్టి నెలల తరబడి అద్దె మినహాయింపు అడగాల్సిన అవసరం పెద్దగా లేదు. సున్నం వేయించుకోవడానికి పది రోజులు ఇవ్వడం యజమాని మంచితనం కిందికి వచ్చేది.

1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఇలాంటి భవనాలతో ఆఫీసు స్వరూపం మారింది. సాఫ్ట్‌వేర్ సంస్థకు ప్రతి సీటుకూ కేబులింగు, సర్వర్ గది, నిరంతర విద్యుత్తు, చల్లదనం కావాలి. భవన యజమానులు స్థలాన్ని రెండు రకాలుగా ఇవ్వడం స్థిరపడింది. గోడలూ నేలా మాత్రమే ఉంటే ‘బేర్ షెల్’. ఏసీ ప్రధాన వ్యవస్థ, విద్యుత్ బ్యాకప్, అగ్నిమాపక ఏర్పాట్ల వంటివి ఉంటే ‘వార్మ్ షెల్’. బేర్ షెల్‌లో అద్దెదారు చేయాల్సిన పని ఎక్కువ కాబట్టి అద్దెలేని కాలం కూడా ఎక్కువ అడుగుతారు. ఇలా ఒకప్పటి మంచితనం ధరలో భాగమైంది.

బేరం పెరిగేకొద్దీ పత్రంలో మూడు తేదీలు వేరుపడ్డాయి. స్థలాన్ని పని చేసుకోవడానికి అప్పగించే తేదీ ఒకటి, లీజు మొదలయ్యే తేదీ మరొకటి, అద్దె మొదలయ్యే తేదీ ఇంకొకటి. పాత పత్రాల్లో వీటన్నిటికీ క్యాలెండరులోని ఒకే తేదీ సరిపోయేది. కొత్త పత్రాల్లో అప్పగింత ఒక సంఘటన అయింది. ఏసీ, విద్యుత్తు, లిఫ్టు సిద్ధమై, ఇరుపక్షాలూ స్థలాన్ని చూసి అప్పగింత పత్రంపై సంతకం చేసిన రోజే ఆ తేదీ అన్నమాట.

ఈ తేడా విలువ ఎంతో ఒక లెక్కలో చూడవచ్చు. ఒక సంస్థ 10,000 చదరపు అడుగులను అడుగుకు నెలకు 60 రూపాయల చొప్పున అయిదేళ్లకు తీసుకుందనుకుందాం. నెల అద్దె 6 లక్షలు. నాలుగు నెలల మినహాయింపు విలువ 24 లక్షలు. పత్రంలో ‘జనవరి 1 నుంచి నాలుగు నెలలు’ అని మాత్రమే ఉండి, విద్యుత్ కనెక్షన్ ఫిబ్రవరి 15న వచ్చిందనుకుందాం. నెలన్నర వృథా అవుతుంది. పనికి నాలుగు నెలలూ పడితే ఆఫీసు తెరవకముందే దాదాపు 9 లక్షల అద్దె కట్టాలి. ‘విద్యుత్తుతో సహా అప్పగించిన రోజు నుంచి’ అని రాసి ఉంటే ఆ నష్టం అద్దెదారు మీద పడేది కాదు.

రెండో మెలిక అద్దె పెంపుది. మూడేళ్ల తర్వాత 15 శాతం పెంపు అని ఉంటే, ఆ మూడేళ్లు లీజు తేదీ నుంచా, అద్దె తేదీ నుంచా? లీజు తేదీ నుంచి లెక్కిస్తే 37వ నెలలోనే అద్దె 6.9 లక్షలవుతుంది. అద్దె తేదీ నుంచి అయితే 41వ నెలలో. నాలుగు నెలలకు 90 వేల చొప్పున తేడా 3.6 లక్షలు. మూడోది మెయింటెనెన్స్ ఛార్జీలు. అద్దె లేదన్నంత మాత్రాన ఇవి ఉండవని కాదు. అడుగుకు నెలకు 12 రూపాయలైతే నాలుగు నెలలకు 4.8 లక్షలు. మినహాయింపు వీటికీ వర్తిస్తుందో లేదో విడిగా రాసుకోవాల్సిందే.

పద్దుల నియమాలూ ఈ మార్పుకు తోడయ్యాయి. అద్దెలేని నెలలను మొదటి ఏడాది లాభంగా చూపకుండా లీజు కాలమంతటా పరచాలన్న అంతర్జాతీయ వివరణ 1998లో వెలువడింది. భారత్‌లో 2019 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఇండ్ ఏఎస్ 116 ప్రకారం, వాడుకోవడానికి ఆస్తి అందుబాటులోకి వచ్చిన రోజే లీజు మొదలైనట్టు. అద్దె కట్టని నెలలూ లీజు కాలంలో భాగమే. దీంతో అప్పగింత తేదీ పద్దుల శాఖకూ ముఖ్యమైంది. పై ఉదాహరణలో లీజు తేదీ నుంచి పెంపు లెక్కిస్తే అయిదేళ్ల మొత్తం అద్దె 357.6 లక్షలు, అంటే అడుగుకు నెలకు సగటున 59 రూపాయల 60 పైసలు. మినహాయింపు లేకపోతే ఆ సగటు 63 రూపాయల 60 పైసలయ్యేది.

2020 మార్చి లాక్‌డౌన్ పాత పత్రాల లోటును బయటపెట్టింది. కూలీలు లేక ఫిట్-అవుట్ పనులు ఆగిపోయాయి, క్యాలెండరు తేదీలు మాత్రం ఆగలేదు. ఆ మేలో ఢిల్లీ హైకోర్టు ఒక దుకాణం అద్దె కేసులో, ఒప్పందంలో తగిన షరతు లేకుండా లాక్‌డౌన్ పేరిట అద్దె నిలిపివేత కుదరదని తేల్చింది. లీజుల్లో అనివార్య పరిస్థితుల నిబంధనను అద్దెకూ, ఫిట్-అవుట్ కాలానికీ వర్తింపజేస్తూ స్పష్టంగా రాయించుకోవడం ఎంత అవసరమో ఆ తీర్పు చూపింది.

నేటి పద్ధతిలో బేరం సాధారణంగా లీజు పత్రంతో కాక, అంగీకార లేఖతో మొదలవుతుంది. అద్దెదారు లేఖలో అడగాల్సింది దాదాపు ఇలా ఉంటుంది: ‘విద్యుత్తు, ఏసీ, అగ్నిమాపక అనుమతులతో స్థలం అప్పగించిన తేదీ నుంచి నాలుగు నెలలు అద్దె ఉండదు. యజమాని వైపు ఎన్ని రోజుల జాప్యం జరిగితే అన్ని రోజులు ఈ గడువు పొడిగించాలి. అద్దె పెంపును అద్దె మొదలైన తేదీ నుంచే లెక్కించాలి.’ యజమాని బదులుగా సాధారణంగా లాక్-ఇన్ కాలం అడుగుతాడు. ఆ కాలం ముగియకముందే ఖాళీ చేస్తే మినహాయించిన అద్దెను తిరిగి కట్టాలనీ అంటాడు. దానికి ఒప్పుకునే అద్దెదారు, గడిచిన నెలల నిష్పత్తిలో ఆ మొత్తం తగ్గుతూ పోవాలని రాయించుకోవడం మేలు.

అంగీకార లేఖలో గెలిచిన షరతు రిజిస్టరైన లీజు పత్రంలోకి రాకపోతే, వివాదంలో నిలబడేది పత్రమే. తర్వాత గడువు పెంచుకున్నా అంతే. మెయిల్‌లో ‘సరే’ అన్న జవాబుతో ఆగకుండా అనుబంధ పత్రం రాసి, దాన్నీ రిజిస్టరు చేయించుకోవాలి.