బల్ల మీద క్రిస్మస్ ఊరు: పశువుల పాకను ఎక్కడ పెట్టాలి?

అట్టతో చేసిన చిన్న చిన్న ఇళ్ళు, పైకప్పుల మీద దూది మంచు, కిటికీల్లో చిన్న దీపాలు. క్రిస్మస్ కాలంలో బల్ల మీదో గూట్లోనో ఇలాంటి ఊరిని కట్టడం ఇప్పుడు మన సంఘాల్లోనూ, ఇళ్ళలోనూ కనిపిస్తోంది. ఊరు చూడ్డానికి బాగుంటుంది కానీ చాలాచోట్ల ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఇళ్ళన్నీ అమర్చాక పశువుల పాకకు చోటు మిగలదు. పెట్టినా అది ఊరిలో ఇమడదు. యోసేపు బొమ్మ పక్కనున్న ఇంటి కంటే ఎత్తుగా నిలబడి ఉంటుంది. దీనికి మార్గం లేకపోలేదు. ఆ మార్గం ఈ ఆచారం పుట్టిన చోటే ఉంది కాబట్టి ముందు అక్కడికి వెళ్దాం.

మొరేవియన్ సంఘానికి చెందిన విశ్వాసులు యూరపు నుండి అమెరికాకు వలస వెళ్ళి పెన్సిల్వేనియాలో ఒక ఊరు కట్టుకున్నారు. 1741 క్రిస్మస్ ముందురాత్రి కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్ ఆ ఊరికి బేత్లెహేము అని పేరు పెట్టాడు. అక్కడి కుటుంబాలు క్రిస్మస్‌కు ఇంట్లో పేర్చే దృశ్యాన్ని ‘పుట్జ్’ అంటారు. అలంకరించడం అనే అర్థమున్న జర్మన్ మాట నుండి ఆ పేరు వచ్చింది. అడవి నుండి తెచ్చిన నాచు, చెట్టు మొద్దులు, రాళ్ళు పరచి కొండలు, గుహలు చేసేవారు. అందులో ముఖ్యమైనది పశువుల తొట్టి. గొర్రెలు, కాపరులు, దారులు అన్నీ దాని చుట్టూ అమరేవి. ఇల్లు అందులో ఒక భాగం మాత్రమే.

ఇళ్ళు ముందుకు వచ్చింది తరువాతి కాలంలో. 1920లు, 30లలో జపాను నుండి చవకైన అట్ట ఇళ్ళు అమెరికా అంగళ్ళకు రాసాగాయి. పైన మెరుపు పొడి అద్ది, విద్యుత్ బల్బు దూర్చడానికి వెనక గుండ్రని కంత పెట్టి అమ్మేవారు. వాటిని ఇప్పటికీ పుట్జ్ ఇళ్ళనే పిలుస్తారు. 1976లో డిపార్ట్‌మెంట్ 56 అనే సంస్థ లోపల దీపం వెలిగే పింగాణీ ఇళ్ళను ‘స్నో విలేజ్’ పేరుతో తెచ్చింది. ఇళ్ళను సేకరించడమే ఒక అభిరుచి అయ్యింది. బేకరీ, రైల్వేస్టేషను, అంగడి వచ్చి చేరాయి. చాలా బల్లల మీద పశువుల తొట్టి కనబడకుండా పోయింది. నా మట్టుకు ఇళ్ళ మీద అభ్యంతరమేమీ లేదు. పేర్చే వరస మారితే చాలు.

వరస అంటే ఇదీ. మన అంగళ్ళలో దొరికే ప్లాస్టర్ బొమ్మలు చాలావరకు 10 నుండి 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. ఆ కొలతకు తగిన ఇల్లు కట్టాలంటే ఒక్క ఇంటికే బల్ల సరిపోదు. కాబట్టి బొమ్మలకు తగ్గట్టు ఇళ్ళను పెంచకుండా, ఇళ్ళను దూరంగా జరపాలి. దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా కనబడుతుంది కదా. పాకను అన్నిటికంటే ముందు, చూసేవారికి అతి దగ్గరగా పెట్టి, ఊరిని దాని వెనక మెట్లు మెట్లుగా చిన్నది చేసుకుంటూ పోతే యోసేపు ఎత్తు తప్పుగా అనిపించదు. పాక ఊరి వెలుపల ఉందనీ, ఊరు కొండ మీద దూరంగా ఉందనీ కన్ను నమ్ముతుంది.

మందిరం వాకిట్లో గోడకు ఆనించిన నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్ల ఉందనుకోండి. దాన్ని మూడు మెట్లుగా చేయాలి. ముందు భాగం 25 సెంటీమీటర్ల లోతు, బల్ల మట్టానికే ఉంటుంది. దాని వెనక 20 సెంటీమీటర్ల వెడల్పున్న పలకను పడుకోబెట్టిన ఇటుకల మీద పెట్టండి. గోడ పక్కన మిగిలిన 15 సెంటీమీటర్లలో ఇంకో పలకను పక్కకు నిలబెట్టిన ఇటుకల మీద పెట్టండి. ఒకే రకం ఇటుకలతో రెండు ఎత్తులు వస్తాయి. పలకల కింద వైర్లు దాచుకోవచ్చు. చాలామంది దీనికి థర్మోకోల్ వాడతారు. తేలికే గానీ నిప్పు తగిలితే క్షణాల్లో కరిగి మండి నల్లని పొగ చిమ్ముతుంది. ఇటుక బరువైనా ఆ భయం లేదు. బల్ల కాళ్ళు గట్టివో కావో మాత్రం ముందే చూసుకోవాలి.

ముందు మెట్టు మీద ఒక్క ఇల్లు కూడా వద్దు. అక్కడ పాక, కాపరులు, గొర్రెలు, దారి మాత్రమే ఉండాలి. పాకను సరిగ్గా మధ్యలో పెడితే వెనక ఊరు కనబడదు కాబట్టి ఎడమ వైపు మూడో వంతు దగ్గర పెట్టి, దాని ముందు నుండి దారిని కుడి వైపుగా వంపు తిప్పి పైకి తీసుకెళ్ళండి. మెట్ల అంచులు కనబడకుండా గోధుమరంగు కాగితాన్ని నలిపి రాళ్ళలా అతికించండి. ఈ రాళ్ళ వరస ముఖ్యం. పెద్ద బొమ్మలకూ చిన్న ఇళ్ళకూ మధ్య ఎడం తెచ్చేది అదే. మధ్య మెట్టు మీద మనుషుల బొమ్మలు పెట్టాలంటే 3 సెంటీమీటర్లు దాటకూడదు. వెనక మెట్టు మీద అసలు పెట్టకండి.

మధ్య మెట్టుకు నాలుగు ఇళ్ళు, వెనక మెట్టుకు ఐదు చాలు. పాత పెళ్ళి శుభలేఖల అట్ట దీనికి బాగా పనికొస్తుంది. మధ్య మెట్టు ఇంటికి 33 సెంటీమీటర్ల పొడవున్న పట్టీ తీసుకోండి. 9, 7, 9, 7 చొప్పున గీతలు గీసి మడిస్తే నాలుగు గోడలు వస్తాయి, మిగిలిన 1 సెంటీమీటరు అతుకుకు. గోడ ఎత్తు 7. వెడల్పున్న రెండు గోడల మీద మరో 4 సెంటీమీటర్ల ఎత్తున త్రికోణం వదలాలి. పైకప్పుకు 14 పొడవు, 9 వెడల్పు ముక్కను మధ్యకు మడిస్తే చూరు అన్ని వైపులా 1 సెంటీమీటరు బయటికి వస్తుంది. తలుపు 3.5 సెంటీమీటర్లు. తలుపే ఇంటి కొలత చెబుతుంది కాబట్టి దాన్ని పెద్దగా కోయవద్దు. వెనక మెట్టు ఇళ్ళకు ఈ కొలతలన్నిటినీ మూడింట రెండు వంతులు చేయండి. తొమ్మిది సెంటీమీటర్ల గోడ ఆరు అవుతుంది.

కిటికీలను గోడ మడవక ముందే కోసి, లోపలి వైపు బటర్ పేపర్ అతికించాలి. అది లేకపోతే లోపలి దీపం చుక్కలా కళ్ళలో గుచ్చుకుంటుంది, కిటికీ వెలిగినట్టు ఉండదు. మిగతా గోడల లోపలంతా నల్ల చార్టు అతికించండి. ఈ పని చేయని ఇల్లు పగలు బాగానే ఉంటుంది. రాత్రి దీపం వేస్తే గోడలన్నీ వెలిగి ఆకాశదీపంలా కనబడుతుంది. అతికించక ముందే గదిలో లైటు ఆర్పి ఒక ఇంటిని పరీక్షించి చూసుకోండి. మూలల్లో వెలుగు కారుతుంటే అక్కడ నల్ల టేపు వేయండి. వెనక గోడలో జపాను ఇళ్ళకున్నట్టే రూపాయి నాణెమంత కంత పెడితే దీపం సులువుగా దూరుతుంది.

దీపాల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టే పాత సీరియల్ సెట్లు ఇక్కడ వద్దు. వాటి బల్బులు వేడెక్కుతాయి. వైరు ఎక్కడ పగిలినా షాకు కొడుతుంది. పిల్లలు ఈ బల్ల మీద చేయి పెట్టకుండా ఉండరు. సన్నని రాగి తీగ మీద 10 సెంటీమీటర్లకొకటి చొప్పున ఎల్ఈడీలున్న తోరణాలు బ్యాటరీతో గానీ, ఫోను ఛార్జర్‌తో నడిచే 5 వోల్టుల రకం గానీ దొరుకుతాయి. పసుపు ఛాయ ఉన్నవి తీసుకోండి. నీలి తెలుపు వెలుగులో ఇల్లు ఆసుపత్రిలా ఉంటుంది. 20 దీపాల తోరణం ఒకటి ఊరికి చాలు. మధ్య ఇళ్ళకు రెండేసి, వెనక ఇళ్ళకు ఒక్కొక్కటి వేస్తే 13 అవుతాయి. రెండు ఇళ్ళ మధ్య పడే మిగతా ఏడింటికి నల్ల టేపు చుట్టండి.

పాకకు మాత్రం వేరే చిన్న తోరణం, వేరే స్విచ్చు ఉంచండి. పెన్సిల్వేనియా బేత్లెహేములో ఈనాటికీ మందిరాల్లో పుట్జ్ చూపించేటప్పుడు కథ చెబుతూ ఆయా భాగాల్లో దీపాలు వెలిగిస్తారు. లూకా సువార్త రెండవ అధ్యాయం చదివేటప్పుడు మనం కూడా మొదట ఊరిని వెలిగించి, సత్రములో స్థలము లేదన్న చోట ఆగి, తరువాత పాకలో దీపం వేయవచ్చు. రెండు స్విచ్చులుంటే ఆదివారపు బడి పిల్లలే చేస్తారు.

మంచు ఆఖరి పని. లూకా రాసిన దానిలో మంచు లేదు. అది చలిదేశాల నుండి ఈ దృశ్యంలోకి వచ్చింది. మొదటి పుట్జ్‌లలో నేల నాచుతో పచ్చగా ఉండేది. అందుకే పాక ఉన్న ముందు మెట్టు మీద మంచు వేయకుండా, రంగు వేసిన రంపపు పొట్టో నాచో పరచి, దూదిని వెనక రెండు మెట్లకే ఉంచడం నాకు నచ్చుతుంది. తెల్లని దూరం వల్ల లోతు కూడా పెరుగుతుంది. మంచు చూడని మనం సాధారణంగా చేసే పొరపాటు దూదిని ముద్దలుగా అంటించడం. మంచు పైనుండి పడుతుంది కాబట్టి పైకప్పు మీద, గోడల పైఅంచుల మీద నిలుస్తుంది గానీ నిలువు గోడకు అంటుకోదు. దూదిని వేళ్ళతో లాగి పల్చని పొరగా చేసి కప్పు మీద పరచండి, చూరు దగ్గర కాస్త మందంగా ఉంచండి. దారి మీద వేయకండి, మనుషులు నడిచే చోట మంచు తొలగి ఉంటుంది.

మందుల దుకాణంలో దొరికే దూది నిప్పురవ్వ తగిలితే చాలు, పొర మొత్తం అంటుకుంటుంది. దిండ్లలో నింపే పాలిస్టర్ దూది అంత తేలిగ్గా అంటుకోదు, నిప్పు నుండి ముడుచుకుని కరుగుతుంది. అదీ మండకపోదు గానీ రెండింట్లో అదే మేలు. మీ దగ్గరున్నది ఏదో తెలియకపోతే చిటికెడు దూదిని పట్టకారుతో పట్టుకుని ఆరుబయట అగ్గిపుల్ల తగిలించి చూడండి. ఏ దూదైనా ఈ బల్ల మీద కొవ్వొత్తి వెలిగించకూడదు. ఛార్జరు, బ్యాటరీ పెట్టె దూది కింద కాకుండా బల్ల వెనక బయట ఉండాలి. దీపాలు వేసిన అరగంటకు వాటిని చేత్తో తాకి చూడండి. వేడిగా తగిలితే ఆ తోరణం పనికిరాదు. మందిరానికి తాళం వేసేటప్పుడు ప్లగ్గు తీసేయాలి.

జనవరి 6 తరువాత తీసేటప్పుడు ముందు బ్యాటరీలు బయటికి తీయండి, లేకపోతే అవి కారి పెట్టెను పాడుచేస్తాయి. దూది చెమ్మ పీల్చుకుంటుంది కాబట్టి ఇళ్ళకు చుట్టి దాచవద్దు. పైకప్పును జిగురుతో అతికించకుండా వట్టిగా ఆనించి ఉంచితే దాన్ని తీసి గోడలను చదునుగా మడవవచ్చు. తొమ్మిది ఇళ్ళూ ఒక చీర పెట్టెలో పడతాయి.