అమ్మకాలు తగ్గితే లాభం పెరగడమేమిటి? ఊరగాయ సీసాల లెక్క

వెంబ్లీ ఈలింగ్ రోడ్డులో ఒక శనివారం సాయంత్రం టీ తాగుతుండగా మా మిత్రుడొకాయన రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టాడు. ఆయనా, ఆయన బావమరిదీ కలిసి ఇక్కడికి దగ్గర్లోనే చిన్న యూనిట్ ఒకటి అద్దెకు తీసుకుని, ఊరగాయలు పెట్టి లండన్‌లోని మన కిరాణా షాపులకు వేస్తుంటారు.

"ఏప్రిల్ నుంచి జూన్ దాకా అమ్మకాలు వెయ్యి సీసాలు తగ్గాయి గురూ. అకౌంటెంట్ కాగితంలో చూస్తే లాభం 5,000 పౌండ్ల నుంచి 8,800కి పెరిగింది. మా బావమరిది లెక్కలో 2,800 మాత్రమే ఉంది. బ్యాంకులో చూస్తే ఉన్నదే తగ్గింది. తయారీ చూసుకునే కుర్రాడికి లాభంలో పదోవంతు బోనస్ ఇస్తామని మాటిచ్చాం. ఇప్పుడు 880 ఇవ్వాలా, 280 ఇవ్వాలా?"

బావా బావమరుదులు వారం రోజులుగా సరిగ్గా మాట్లాడుకోవడం లేదట. ఇద్దరిలో ఎవరి లెక్కా తప్పు కాదని చెబితే ఆయన నమ్మలేదు. కాగితం మీద వేసి చూపించాల్సి వచ్చింది. వ్యాపారాలు చేసుకుంటున్న మనవాళ్ళకు పనికొస్తుందని ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను. సులువుగా ఉండటం కోసం అంకెల్ని గుండ్రంగా మార్చాను.

ఖర్చులు

సీసా అమ్మకం ధర 4 పౌండ్లు. మామిడికాయ, నూనె, కారం, గాజుసీసా, సీసాల లెక్కన ఇచ్చే కూలీ అన్నీ కలిపి సీసాకు 1.80. ఇది మారే ఖర్చు, అంటే ఒక్క సీసా ఎక్కువ పెడితే ఇంకో 1.80 అవుతుంది. యూనిట్ అద్దె, తయారీ చూసుకునే కుర్రాడి జీతం వగైరా తయారీకి సంబంధించిన స్థిరమైన ఖర్చులు మూడు నెలలకు 12,000. సీసాలు ఎన్ని పెట్టినా ఇవి మారవు. వ్యాను, ఆఫీసు ఖర్చులు ఇంకో 5,000. ఏడాది సగటు చూస్తే మూడు నెలలకు 10,000 సీసాలు పెడతారు. కాబట్టి సీసాకు 1.20 చొప్పున స్థిరమైన ఖర్చు వేసుకుంటారు.

అకౌంటెంట్ వాడింది అబ్సార్ప్షన్ కాస్టింగ్. అందులో సీసా ఖరీదు 1.80కి 1.20 కలిపి 3.00. బావమరిది వాడింది వేరియబుల్ కాస్టింగ్, ఈ దేశంలో మార్జినల్ కాస్టింగ్ అనే పేరే ఎక్కువ. అందులో సీసా ఖరీదు 1.80 మాత్రమే. 12,000 మొత్తాన్ని ఆ మూడు నెలల ఖర్చుగానే రాసేస్తారు.

మూడు త్రైమాసికాలు

జనవరి నుంచి మార్చి వరకు 10,000 సీసాలు పెట్టి, 10,000 అమ్మారు. రెండు పద్ధతుల్లోనూ లాభం 5,000. తగాదా లేదు.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు మామిడికాయల కాలం. ఆవకాయ అప్పుడే పెట్టుకోవాలి కదా! 14,000 పెట్టారు, 9,000 అమ్మారు, 5,000 సీసాలు అరల్లో మిగిలాయి. బావమరిది లెక్క ఇలా ఉంది: సీసాకు 2.20 చొప్పున 9,000 సీసాల మీద 19,800 వచ్చింది. అందులోంచి 17,000 తీస్తే 2,800.

అకౌంటెంట్ లెక్క ఇది: సీసాకు 1 పౌండు చొప్పున 9,000. సగటు కంటే 4,000 సీసాలు ఎక్కువ పెట్టారు కాబట్టి, 1.20 చొప్పున అసలు అయిన దానికంటే 4,800 ఎక్కువ ఖర్చు సీసాల మీద వేశారు. దాన్ని వెనక్కి కలిపితే 13,800. ఆఫీసు ఖర్చు 5,000 తీస్తే 8,800.

తేడా 6,000. మిగిలిన 5,000 సీసాలను 1.20తో గుణించి చూడండి, సరిగ్గా 6,000 వస్తుంది. అంటే ఆ 6,000 పౌండ్ల అద్దె, జీతం ఇంకా ఖర్చుగా నమోదు కాలేదు. సీసాలతో పాటు అరల్లో కూర్చుని ఉంది.

ఇక బ్యాంకు సంగతి. ఎవరికీ అరువు లేదనుకుంటే వచ్చింది 36,000. పోయింది 25,200, 12,000, 5,000 కలిపి 42,200. కాబట్టి డబ్బు 6,200 తగ్గింది. లాభం 8,800 వచ్చినా సరుకు రూపంలో 15,000 ఇరుక్కుంది. ఎక్కడికీ పోలేదు!

జులై నుంచి సెప్టెంబరు వరకు 6,000 పెట్టి, పాత 5,000తో కలిపి 11,000 అమ్మారు. ఇప్పుడు కథ తిరగబడింది. బావమరిది లెక్కలో 7,200, అకౌంటెంట్ లెక్కలో 1,200. అరల్లోని ఆ 6,000 ఇప్పుడు సీసాలతో పాటు బయటికొచ్చి ఖర్చయింది.

మూడు త్రైమాసికాలూ కలిపితే 30,000 పెట్టారు, 30,000 అమ్మారు. ఒక పద్ధతిలో 5,000, 8,800, 1,200. ఇంకో పద్ధతిలో 5,000, 2,800, 7,200. రెండిట్లోనూ మొత్తం 15,000.

సరిచూసే సూత్రం, పడే గొయ్యి

వేరియబుల్ లాభానికి ముగింపు నిల్వలోని స్థిరమైన తయారీ ఖర్చు కలిపి, ప్రారంభ నిల్వలోనిది తీసేస్తే అబ్సార్ప్షన్ లాభం వస్తుంది. నిల్వ పెరిగితే అబ్సార్ప్షన్‌లో లాభం ఎక్కువ, తగ్గితే తక్కువ.

చాలామంది పెరిగిన సీసాల సంఖ్యను ఈసారి రేటుతో గుణించేసి ఊరుకుంటారు. రేటు మారనంత వరకు అది చెల్లుతుంది. అద్దె పెరిగి 1.20 కాస్తా 1.30 అయిందనుకోండి. ప్రారంభ నిల్వ 2,000 సీసాలు పాత రేటున 2,400. ముగింపు నిల్వ 3,000 సీసాలు కొత్త రేటున 3,900. తేడా 1,500. పెరిగిన 1,000 సీసాలను 1.30తో గుణిస్తే 1,300 అని తప్పు వస్తుంది. మీ లెక్క ఇలా కొద్దిలో తప్పుతోందంటే ముందు ప్రారంభ నిల్వ ఏ రేటున ఉందో చూడండి. వ్యాను ఖర్చు, ఆఫీసు ఖర్చు పొరపాటున నిల్వలోకి దూరాయేమో కూడా చూడండి. అవి ఏ పద్ధతిలోనూ నిల్వలోకి రావు.

అకౌంట్లలో ఏది చెల్లుతుంది?

బయటికి ఇచ్చే వార్షిక అకౌంట్లలో అబ్సార్ప్షనే వాడాలి. ఇక్కడ 1975 నాటి ఎస్‌ఎస్‌ఏపీ 9 అదే చెప్పింది, 2015 నుంచి అమల్లో ఉన్న ఎఫ్‌ఆర్‌ఎస్ 102 కూడా అదే చెబుతోంది. అంతర్జాతీయంగా ఐఏఎస్ 2దీ అదే మాట. అయితే ఈ ప్రమాణాల్లో ఒక కాపలా ఉంది. స్థిరమైన ఖర్చును మామూలు ఉత్పత్తి సామర్థ్యం మీదే పంచాలి. ఆ మామూలు అనేది అనేక కాలాల, సీజన్ల సగటు. అందుకే మామిడికాయల కాలంలో ఎక్కువ పెట్టడం దానికదే అసాధారణం కాదు. అసాధారణంగా ఎక్కువ పెడితే మాత్రం సీసాకు వేసే రేటు తగ్గించాలి. తక్కువ పెడితే రేటు పెంచకూడదు, మిగిలిన ఖర్చు అప్పటికప్పుడు రాసేయాలి. పైగా నిల్వ సరుకు అమ్మితే ఖర్చులు పోను వచ్చేది ఖరీదు కంటే తక్కువైతే, విలువను ఆ మేరకు తగ్గించాలి. గడువు తేదీ దాటిన ఆవకాయ సీసా పుస్తకంలో 3 పౌండ్లుగా ఉండటానికి వీల్లేదు.

ఇంతకీ బోనస్?

మూడు త్రైమాసికాలకూ పదోవంతు చొప్పున ఒక పద్ధతిలో 500, 880, 120. ఇంకో పద్ధతిలో 500, 280, 720. రెండూ 1,500. కుర్రాడికి పోయేదేమీ లేదు, చేతికొచ్చే వేళ మాత్రమే మారుతుంది. కానీ ఆ 5,000 సీసాలు అమ్ముడుపోకపోతే, 880 ఇచ్చాక వెనక్కి ఎలా అడుగుతారు? పైగా అమ్మకాలతో పని లేకుండా సీసాలు పెడుతూ పోతే బోనస్ పెరిగే లెక్క, ఎంత మంచివాడికైనా తప్పుదారి చూపిస్తుంది.

బోనస్‌కు బావమరిది లెక్క, అకౌంట్లకు అకౌంటెంట్ లెక్క, రెండిటినీ కలిపే నాలుగు వరుసల కాగితం ప్రతి త్రైమాసికానికీ ఒకటి. అలా ఒప్పందం కుదిరింది. కుర్రాణ్ణి కూడా పిలిచి కాగితం చూపించమన్నాను. చూసి అతను అడిగిన ప్రశ్న ఒక్కటేనట: "అయితే సార్, వచ్చే ఏడాది ఆవకాయ ఎన్ని సీసాలు అమ్మగలరో ముందే చెబుతారా?"

ఆ జవాబు మాత్రం బావా బావమరుదులే కలిసి కూర్చుని చెప్పాలి.