షాక్ వర్గీకరణ: విషం నుంచి ప్రవాహం దాకా

తెలుగులో ‘షాక్’ అనగానే కరెంటు షాకో, దుర్వార్త విన్నప్పటి దిగ్భ్రాంతో స్ఫురిస్తుంది. వైద్యంలో ఆ మాటకు అర్థం వేరు. అవయవాలకు అవసరమైనంత రక్తప్రసరణ అందక, కణాలు ప్రాణవాయువు కొరతతో దెబ్బతినే స్థితి అది. నేటి పాఠ్యగ్రంథాలు దానిని నాలుగు తరగతులుగా విభజిస్తాయి. రక్తపరిమాణం తగ్గితే హైపోవొలీమిక్, గుండె కండరం విఫలమైతే కార్డియోజెనిక్, ప్రవాహమార్గానికి అడ్డంకి ఏర్పడితే అబ్‌స్ట్రక్టివ్, రక్తనాళాలు బిగువు కోల్పోయి రక్తం సరిగా పంపిణీ కాకపోతే డిస్ట్రిబ్యూటివ్. ఈ విభజన ఎంత సహజంగా కనిపిస్తుందంటే, దీనికి ఒక చరిత్ర ఉందన్న సంగతే విద్యార్థులకు తట్టదు. నిజానికి నాలుగింటిలో అబ్‌స్ట్రక్టివ్ తరగతికి విడిగా చోటు దక్కడానికి 1972 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఆలస్యం ఎందుకు జరిగిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పందొమ్మిదో శతాబ్దపు శస్త్రవైద్యులకు షాక్ అంటే ప్రధానంగా గాయపడినవాడి స్థితి. 1867లో ఎడ్విన్ మోరిస్ వెలువరించిన గ్రంథం శస్త్రచికిత్సల తరువాత, గాయాల తరువాత కలిగే షాక్ గురించే. 1899లో జార్జ్ క్రైల్ తన కుక్కల ప్రయోగాల ఆధారంగా, రక్తనాళాలను నియంత్రించే నాడీకేంద్రాలు అలసిపోవడమే దీనికి మూలమన్నాడు. మొదటి ప్రపంచయుద్ధం ఈ ప్రశ్నను మరింత తీవ్రం చేసింది. తొడ నుజ్జయిన సైనికుడికి బయటికి కారిన రక్తం కొద్దిగానే కనిపించేది. అయినా అతడు చల్లబడి, నాడి సన్నగిల్లి చనిపోయేవాడు. ఫ్రాన్సులోని క్షతగాత్రుల కేంద్రాలలో పనిచేసిన వాల్టర్ కానన్, విలియం బేలిస్‌తో కలిసి, నలిగిన కండరం నుంచి వెలువడే విషపదార్థమే కారణమన్న అభిప్రాయానికి వచ్చాడు. దానికి వారు చూపిన ఆధారాలలో ఒకటి తూకం. గాయపరిచిన కాలినీ గాయపడని కాలినీ వేరుచేసి తూచినప్పుడు, వాటి బరువుల తేడా రక్తపోటు పడిపోవడాన్ని వివరించేంతగా లేదు.

ఈ తూకంలో ఉన్న లోపాన్ని పట్టుకున్నవారిలో ఆల్ఫ్రెడ్ బ్లాలక్ ఒకడు. అతడు నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. గాయపడిన కండరంలోకి చేరిన రక్తం, ప్లాస్మా అక్కడే నిలిచిపోవు. గజ్జల మీదుగా కటిభాగపు కణజాలంలోకి పాకుతాయి. తొడ దగ్గర కోసి తూచితే ఆ పైకి పాకిన భాగం లెక్కలోకి రాదు. బ్లాలక్ కోత రేఖను పైకి జరిపి, ఆ భాగాన్ని కూడా కలిపి తూచాడు. అప్పుడు తేలిన తేడా రక్తపోటు పతనానికి సరిపోయింది. 1930లో ప్రచురితమైన ఈ ఫలితంతో విషసిద్ధాంతం అవసరం చాలావరకు తీరిపోయింది. కత్తి ఎక్కడ పెట్టాలన్న చిన్న నిర్ణయం మీద ఒక సిద్ధాంతం నిలవడమూ కూలడమూ ఆధారపడిన సందర్భమిది. ఆ ఏడాదే అతడి ప్రయోగశాలలో చేరిన నల్లజాతి సహాయకుడు వివియన్ థామస్ తరువాతి షాక్ ప్రయోగాలలో ప్రధాన పాత్ర వహించాడు. సంస్థ లెక్కల్లో మాత్రం అతడి ఉద్యోగం ఊడ్చేవారి శ్రేణిలోనే ఉండేది.

1934లో బ్లాలక్ షాక్‌ను రక్తసంబంధి, నాడీసంబంధి, రక్తనాళసంబంధి, హృదయసంబంధి అని నాలుగుగా విభజించాడు. గాయం, విషం అనే బయటి కారణాల నుంచి ప్రసరణలో ఏ భాగం విఫలమైందన్న ప్రశ్న వైపు దృష్టి మళ్లింది. కానీ ఈ పట్టికలో ఒక ఖాళీ ఉంది. గుండె కండరం బలంగానే ఉండి, దాని చుట్టూ చేరిన ద్రవం దానిని నొక్కేస్తే ఆ రోగిని ఏ తరగతిలో చేర్చాలి? హృదయసంబంధి అంటే కండరం బలహీనమన్న భ్రమ కలుగుతుంది. ఆ స్థితి లక్షణాలు అప్పటికి తెలియనివి కావు. ఊపిరి పీల్చినప్పుడు నాడి సన్నగిల్లడాన్ని కుస్మాల్ 1873లోనే వర్ణించాడు. తగ్గే ధమనిపీడనం, పెరిగే సిరాపీడనం, చిన్నదిగా చప్పుడు లేకుండా ఉండే గుండె అనే మూడు గుర్తులను క్లాడ్ బెక్ 1935లో ఒకచోట చేర్చాడు. గుర్తులు ఉన్నాయి, వాటికి తరగతి లేదు.

లాస్ ఏంజెలెస్‌లో షాక్ రోగుల కోసమే ప్రత్యేక విభాగాన్ని నడిపిన మాక్స్ హారీ వైల్, హెర్బర్ట్ షుబిన్ 1972లో ప్రతిపాదించిన పునర్వర్గీకరణ ఈ ఖాళీని పూరించింది. అడ్డంకి విడి తరగతి అయింది. బ్లాలక్ విడివిడిగా ఉంచిన నాడీ, రక్తనాళ సంబంధి షాక్‌లు పంపిణీ లోపం కిందికి చేరాయి. వైల్ బృందం యంత్రాలతో పాటు చేతి స్పర్శను కూడా పట్టించుకుంది. కాలి బొటనవేలి ఉష్ణోగ్రత షాక్ తీవ్రతను సూచిస్తుందని జోలీతో కలిసి వైల్ 1969లో ప్రచురించాడు.

ఈ విభజన మంచం పక్కన ఎలా పనిచేస్తుందో బోధన కోసం కల్పించిన ఒక ఉదాహరణతో చూద్దాం. నలభై ఏళ్ల వ్యక్తికి నెల రోజులుగా సాయంకాలపు జ్వరం, బరువు తగ్గుదల, రెండు రోజులుగా ఆయాసం. రక్తపోటు 88/62, నాడి నిమిషానికి 126. జ్వరం ఉంది కనుక ఇన్‌ఫెక్షన్ వల్ల కలిగిన డిస్ట్రిబ్యూటివ్ షాక్ అనుకోవడం తేలిక. కానీ ఆ తరగతిలో తొలిదశలో చేతులు సాధారణంగా వెచ్చగా ఉంటాయి, పై రక్తపోటుకూ కింది రక్తపోటుకూ మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది. ఇక్కడ చేతులు చల్లన, ఎడం 26 మాత్రమే. చల్లటి చేతులు రక్తపరిమాణం తగ్గినప్పుడూ ఉంటాయి, అయితే అప్పుడు మెడసిరలు చప్పబడిపోవాలి. ఈ రోగిని 45 డిగ్రీల కోణంలో పడుకోబెడితే సిరలు దవడ దాకా ఉబ్బి ఉన్నాయి. మిగిలినవి కార్డియోజెనిక్, అబ్‌స్ట్రక్టివ్. ఎడమ గుండె విఫలమైతే ఊపిరితిత్తులలో నీరు చేరి చిటపట శబ్దాలు వినిపించాలి. ఇక్కడ శ్వాస రెండు వైపులా సమానంగా, స్వచ్ఛంగా ఉంది. గొంతు కింద శ్వాసనాళం మధ్యలోనే ఉంది కాబట్టి ఛాతీలో గాలి బిగిసిన స్థితి కాకపోవచ్చు. గుండెచప్పుడు మాత్రం దూరం నుంచి వస్తున్నట్లుంది.

ఇప్పుడు కుస్మాల్ వర్ణించిన నాడి మార్పును కొలవాలి. రక్తపోటు పట్టీలో గాలిని నెమ్మదిగా తగ్గిస్తే 88 దగ్గర ఊపిరి విడిచినప్పుడు మాత్రమే చప్పుడు వినిపించింది. 68 దగ్గరికి వచ్చాక పీల్చినప్పుడూ వినిపించసాగింది. తేడా 20. అది 10 దాటితే అసాధారణం. గుండె చుట్టూ ద్రవం బిగిసిన టాంపొనాడ్ ఇదని అనుమానం బలపడుతుంది, ఎకోతో నిర్ధారించుకోవచ్చు. మన దేశంలో ఇటువంటి రోగిలో ముందుగా తలచుకోవలసిన కారణం క్షయ. ఉబ్బిన సిరలను చూసి గుండె వైఫల్యమనుకుని మూత్రం జారీచేసే మందు ఇస్తే గుండెలోకి వచ్చే రక్తం ఇంకా తగ్గి రోగి కుప్పకూలుతాడు. చేయవలసింది సూదితో ద్రవాన్ని తీయడం. ద్రవం ఎంత ఉందన్నదానికన్నా ఎంత వేగంగా చేరిందన్నది ముఖ్యం. నెమ్మదిగా చేరితే గుండెపొర సాగి లీటరు దాకా భరిస్తుంది. కత్తిపోటు వంటి గాయంలో 200 మిల్లీలీటర్లు కూడా ప్రాణాంతకం కావచ్చు.

గుర్తులన్నీ ఇంత వరుసగా దొరకడం ఆసుపత్రిలో అరుదు. బెక్ చెప్పిన మూడూ కలిసి కనిపించని టాంపొనాడ్‌లే ఎక్కువ. అదే రోగికి వాంతులు, విరేచనాలు తోడై ఒంట్లో నీరు తగ్గి ఉంటే మెడసిరలు ఉబ్బకపోవచ్చు. కుడి జఠరికకు గుండెపోటు వస్తే, కండరపు లోపమే అయినా సిరలు ఉబ్బి ఊపిరితిత్తులు స్వచ్ఛంగా ఉంటాయి, అక్కడ ఈసీజీయే దారి చూపాలి. ఇన్‌ఫెక్షన్ షాక్ ముదిరితే చేతులు చల్లబడతాయి, నాళాలు కారి రక్తపరిమాణమూ తగ్గుతుంది, గుండె కండరమూ నీరసిస్తుంది. అటువంటి రోగి ఉదయం ఒక తరగతిలో, సాయంత్రం మూడు తరగతుల్లో ఉండగలడు. అందువల్ల మెడనూ చేతులనూ బొటనవేలినీ ఒకసారి చూసి వదలక, ద్రవం ఎక్కించిన ప్రతిసారీ మళ్లీ చూడవలసి ఉంటుంది.