ఎనభై ఎనిమిది నెలల లెక్క

అమెరికాలో 2005లో దివాలా చట్టాన్ని సవరించినప్పుడు అందులో క్రెడిట్ కార్డుల గురించి ఒక హెచ్చరిక కూడా పెట్టారు. వెయ్యి డాలర్ల బాకీ మీద ఏడాదికి 17 శాతం వడ్డీ పడుతుంటే, నెలనెలా 2 శాతం మినిమమ్ మాత్రమే కడుతూ పోతే బాకీ తీరడానికి 88 నెలలు పడుతుందని. చట్టంలో అంకె కనపడితే నాకు చేతులు ఊరుకోవు. ఈ 88 ఎక్కడినుంచి వచ్చిందా అని లెక్క మొదలుపెట్టా.

నిజంగా ప్రతినెలా మిగిలిన బాకీలో 2 శాతమే కడితే ఆ బాకీ ఎప్పటికీ సున్నా కాదు. బాకీ తగ్గినకొద్దీ కట్టేదీ తగ్గిపోతుంది కదా. కాబట్టి 88 రావాలంటే మొదటి నెల కట్టిన 20 డాలర్లనే చివరిదాకా కట్టాలి. అంటే చట్టం పైకి మినిమమ్ గురించి చెబుతున్నా, లోపల వేసింది స్థిరమైన వాయిదా లెక్క.

నెల వడ్డీ r = 0.17/12. మొదటి నెల వడ్డీ 14.17 డాలర్లు. ఇరవైలో అసలుకి జమ అయ్యేది 5.83 మాత్రమే. రెండో నెల బాకీ 5.83 మేర తగ్గింది కాబట్టి దానిమీద వడ్డీ కూడా ఆ మేరకి తగ్గి, అసలుకి వెళ్ళే ముక్క (1+r) రెట్లు అవుతుంది. ప్రతినెలా ఇదే తంతు. ఆ ముక్క పెరిగి పెరిగి ఇరవైకి చేరేసరికి బాకీ తీరిపోతుంది. అంటే ప్రశ్న ఇంతే: 5.83 చక్రవడ్డీతో పెరిగి 20 అవడానికి ఎన్ని నెలలు?

ఈ ప్రశ్న చాలా పాతది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఏఓ 6770 నంబరుతో ఒక బాబిలోనియా మట్టిపలక ఉంది. ఏడాదికి 20 శాతం చక్రవడ్డీకి ఇచ్చిన అప్పు ఎన్నాళ్ళకి రెట్టింపవుతుంది అన్నది అందులో ఒక లెక్క. మూడేళ్ళకి 1.728 రెట్లు, నాలుగేళ్ళకి 2.0736 రెట్లు. మధ్యలో సరళరేఖలో పెరుగుతుందనుకుని వాళ్ళు తేల్చిన జవాబు 3.787 ఏళ్ళు. అసలు జవాబు 3.802. తేడా ఐదారు రోజులు! లాగరిథం అనే మాట పుట్టడానికి మూడు వేల ఏళ్ళకి పైగా ముందు సంగతి ఇది.

ఆ తర్వాత యూరప్‌లో వడ్డీ పట్టికల్ని వ్యాపారులు గుట్టుగా దాచుకునేవాళ్ళు. 1582లో సైమన్ స్టెవిన్ వాటిని ఆంట్వెర్ప్‌లో అచ్చేయించి ఆ గుట్టు కాస్తా విప్పేశాడు. కానీ పట్టికతో వడ్డీ కట్టడం తేలిక, కాలాన్ని వెతకడం కష్టం. ఘాతంలో దాక్కున్న n ని కిందికి దించే పనిముట్టు 1614లో నేపియర్ ఇచ్చాడు. మనం క్లార్క్స్ టేబుల్స్ పెట్టుకుని కుస్తీ పట్టిన సంవర్గమానాలు అవే. బాకీ B, వాయిదా P అనుకుంటే:

n = log(P / (P − rB)) / log(1 + r)

```
import math
B, P, r = 1000, 20, 0.17/12
print(math.log(P/(P - r*B)) / math.log(1 + r))
```

జవాబు 87.59. పైకి సవరిస్తే 88. అదే చట్టంలో 300 డాలర్లు, 5 శాతం మినిమమ్, 24 నెలలు అని ఇంకో ఉదాహరణ ఉంది. 15 డాలర్ల వాయిదాతో వేసి చూడండి, 23.68 వస్తుంది. అదీ స్థిరవాయిదా లెక్కే.

ఇప్పుడు P ని కాస్త కదిపి చూడండి. నెలకి 30 కడితే 46 నెలలు. 15 కడితే 206 నెలలు, అంటే పదిహేడేళ్ళ పైమాట! ఐదు డాలర్లు తగ్గించినందుకు పదేళ్ళు పెరిగాయి, ఎందుకంటే అసలుకి వెళ్ళే మొదటి ముక్క 83 సెంట్లకి పడిపోయింది. 14 పెడితే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. కోడులో బగ్గేమీ లేదు. వాయిదా వడ్డీకే చాలట్లేదు, ఇక బాకీ తీరే రోజంటూ లేదు.

అన్నట్టు, ఈ సూత్రం కార్డు మీద కొత్తగా ఏమీ కొననంతవరకే పనిచేస్తుంది. కార్డులవాళ్ళు వడ్డీని రోజువారీగా కడతారు కాబట్టి అసలు లెక్క కొద్దిగా అటూఇటూ అవుతుంది.

2009లో వచ్చిన కార్డ్ యాక్ట్ ప్రశ్నని తిరగేసింది. 36 నెలల్లో తీరాలంటే నెలకి ఎంత కట్టాలో స్టేట్‌మెంట్ మీదే వేయమంది. ఇక్కడ n తెలుసు, P కావాలి, కాబట్టి లాగరిథంతో పని లేదు. మన వెయ్యి డాలర్లకి అది 35.65.

మన దగ్గర వడ్డీ నెలకి 3.5 శాతం ఉన్న కార్డు మీద లక్ష బాకీ ఉందనుకోండి. నెలకి ఐదు వేలు కడితే 35 నెలలు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంది, దాంతో r 4.13 శాతం అవుతుంది. అప్పుడు 44 నెలలు. పన్ను ఒక్కటే తొమ్మిది నెలలు తినేసింది. మినిమమ్ కట్టినా బాకీ పెరిగే పరిస్థితి రాకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో చెప్పింది. సూత్రంలో చూస్తే దానర్థం P − rB సున్నాకన్నా కిందికి పోకూడదనే.