మిడిల్ బెర్తుకు పది గంటలు

2017 ఆగస్టు 31న రైల్వే బోర్డు ఒక చిన్న ఉత్తర్వు పంపింది. దాంతో మారింది ఒక్క గంట. అప్పటిదాకా రిజర్వేషన్ బోగీల్లో పడుకునే వేళ రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకూ ఉండేది. ఇకపై 10 నుంచి 6 వరకేనని అందులో రాశారు. మిగతా వేళల్లో లోయర్ బెర్తు మీద, రిజర్వేషన్ ఉన్న తోటి ప్రయాణికులు కూడా కూర్చోవచ్చు. రైల్వే కమర్షియల్ మాన్యువల్ మొదటి సంపుటంలో 652వ పేరాగా ఉన్న పాత నిబంధన స్థానంలో ఇది వచ్చింది. రైలెక్కింది మొదలు పగలూ రాత్రీ చూడకుండా నడుం వాల్చేవాళ్ల వల్ల మిడిల్, అప్పర్ వాళ్లకు కూర్చునే చోటు దొరకడం లేదన్నది రైల్వే వాళ్లు చెప్పిన కారణం.

ఈ తగువు మనుషుల స్వభావం వల్ల వచ్చిందనుకుంటాం గానీ, సగానికి సగం బోగీ కట్టడంలోనే ఉంది. మూడంతస్తుల బోగీలో మిడిల్ బెర్తు కింది సీటు వెనకాల కీలు మీద వేలాడే పలక. దించి ఉంచితే కింద కూర్చున్నవాళ్లు వీపు ఆనించుకునేది దానికే. పైకెత్తి, అప్పర్ బెర్తు నుంచి వేలాడే గొలుసులకు తగిలిస్తే అదే పడక అవుతుంది. అంటే ఒకరి పడక, ముగ్గురి వీపుదన్ను ఒకే చెక్క. అది ఎత్తి ఉన్నంతసేపూ కింద ఎవరూ తిన్నగా కూర్చోలేరు, తల తగులుతుంది. లోయర్ బెర్తు ఆయన లేచి కూర్చోవాలన్నా, మిడిల్ ఆయన పడుకోవాలన్నా రెండోవాళ్లు ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకోనప్పుడు తీర్పు చెప్పడానికి గడియారం కావాల్సి వచ్చింది.

పడక అన్నది ఒకప్పుడు పై తరగతుల సుఖం. మూడో తరగతి వాళ్లది చెక్కబల్ల. రాత్రంతా దాని మీద కూర్చునే వెళ్లేవారు. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్లకూ పడుకునే బోగీలు వచ్చాయి, 1974లో మూడో తరగతి అన్న పేరే పోయింది. కానీ బెర్తులు చెక్కవే. వాటి మీద రెండంగుళాల ఫోమ్ వేయించిన ఘనత 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండవతేది. అప్పటిదాకా బెర్తు మీద ఎక్కువసేపు పడుకోవాలన్న ఆశ ఎవరికీ పెద్దగా ఉండి ఉండదు. మెత్తగా అయ్యాకే పగలు కూడా దాని మీదికి మనసు పోయిందని నా అనుమానం.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌నే చూడండి. బయల్దేరేది ఉదయం 6 గంటల ప్రాంతంలో, సరిగ్గా పడుకునే వేళ ముగిసే సమయానికి. మీకు స్లీపర్‌లో 37వ నంబరు వచ్చిందనుకుందాం. బోగీలో ఒక్కో అరకు ఎనిమిది బెర్తులు. 1, 4 లోయర్, 2, 5 మిడిల్, 3, 6 అప్పర్, 7 సైడ్ లోయర్, 8 సైడ్ అప్పర్. తర్వాతి అరలో మళ్లీ ఇదే వరస. 37ను ఎనిమిదితో భాగిస్తే శేషం 5. అంటే మీది అయిదో అరలో మిడిల్. మీ కింద 36, పైన 38.

రైలు కదిలినప్పటి నుంచి రాత్రి 10 దాకా, అంటే పదహారు గంటలు, మీ బెర్తు దించే ఉండాలి. ఆ పదహారు గంటలూ మీ చోటు 36వ బెర్తు మీదే. 38 ఆయన చోటూ అక్కడే. అది 36 ఆయన దయ కాదు, మీ హక్కు. ముగ్గురూ కట్టింది ఒకే ఛార్జీ. కిటికీ పక్క సీటు లోయర్ వాళ్లకు వదలడం మాత్రం ఆనవాయితీ, దాన్ని పాటించడమే మర్యాద. నాగ్‌పూర్ భోజనాలయ్యాక 36 ఆయన, "కాసేపు నడుం వాలుస్తాను బాబూ, మీరు పైకి వెళ్తారా?" అని అడగొచ్చు. అడగడం తప్పు కాదు. మీరు కుదరదనడమూ తప్పు కాదు. అలాగే మధ్యాహ్నం మీకు నిద్రొస్తే, కింద ఇద్దరూ సరేనంటేనే మిడిల్ ఎత్తాలి. అప్పర్ ఆయనకు ఈ బాధ లేదు. ఎప్పుడు పడుకున్నా ఆయన ఎవరి తలకూ అడ్డం రాడు.

భోపాల్ దాటాక పది కొడుతుంది. అప్పుడు మాటలు ఇంకా అవలేదనో, పిల్లల అన్నాలు కాలేదనో కింది వాళ్లు మిమ్మల్ని ఆపలేరు. మర్నాడు 6 అయ్యాక మీరు దిగి బెర్తు దించాలి. ఢిల్లీ ఇంకా గంటన్నర పైనే ఉన్నా సరే. మాట వినకపోతే టీటీఈకి చెప్పాలి, ఆయన దొరక్కపోతే 139కి ఫోన్ చేయొచ్చు.

ఉత్తర్వులో ఒక సడలింపు ఉంది. జబ్బుపడిన వాళ్లు, దివ్యాంగులు, గర్భిణులు ఆ వేళలు దాటి పడుకోవాలనుకుంటే తోటివారు సహకరించాలని కోరింది. కోరింది గానీ ఆదేశించలేదు. ఇలాంటిచోట గడియారం చూపించేవాణ్ని చట్టం ఏమీ అనదు, బోగీ మాత్రం మూకుమ్మడిగా అంటుంది.

సైడ్ బెర్తులకు ఒక వాక్యం విడిగా రాశారు. సైడ్ లోయర్ నిజానికి ఎదురెదురు రెండు సీట్లు. వాటి వీపు పలకలు దించితే మధ్య ఖాళీ పూడి పడక అవుతుంది. పగలు ఒక సీటు సైడ్ లోయర్ వాళ్లది, రెండోది సైడ్ అప్పర్ వాళ్లది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా సైడ్ అప్పర్ వాళ్లకు కింద కూర్చునే హక్కు లేదు. ఆర్ఏసీ టికెట్లయితే ఆ రెండు సీట్లలోనూ ఇద్దరు వేరువేరు మనుషులుంటారు. మూడోవాడు పగలు ఎక్కడ కూర్చోవాలన్న తగవు అక్కడ తరచూ వినిపిస్తుంది.

ఆ తగవునే బోగీ అంతటికీ పంచిన ప్రయోగం ఒకటి జరిగింది. లాలూ ప్రసాద్ మంత్రిగా ఉన్నప్పుడు సైడ్‌లోనూ మిడిల్ బెర్తు పెట్టారు. రాత్రి లెక్క కుదిరింది, బోగీకి మరికొందరు పట్టారు. తెల్లారాక ముగ్గురికి రెండే సీట్లు. పడుకునే వేళలు ఎటు జరిపినా తీరే చిక్కు కాదది. 2009లో మమతా బెనర్జీ వచ్చాక మామూలు రైళ్లలో వాటిని తీయించేశారు. నన్నడిగితే, ఆ బెర్తు గీసినవాళ్లు పగటి ప్రయాణం చేసి ఉండరు.

గొలుసు సంగతి చెప్పకుండా ఇది ముగించకూడదు. 2024 జూన్‌లో ఎర్నాకుళం నుంచి ఢిల్లీ వెళ్తున్న రైలు మన తెలంగాణలో నడుస్తుండగా పైబెర్తు ఊడి కిందున్న ప్రయాణికుడి మీద పడింది. రామగుండంలో దించి చికిత్స చేయించారు, తర్వాత హైదరాబాద్ ఆసుపత్రిలో ఆయన చనిపోయారు. బెర్తులో లోపం లేదని, గొలుసు సరిగా తగిలించకపోవడమే కారణమని రైల్వే ప్రకటించింది. కాబట్టి పదింటికి మిడిల్ ఎత్తాక రెండువైపులా గొలుసు కొక్కెంలో పూర్తిగా దిగిందో లేదో చూడండి. చేత్తో గట్టిగా కిందికి నొక్కి, కదలకపోతేనే ఎక్కండి. కొక్కెం వంగినా, గొలుసు వదులుగా ఉన్నా ఎక్కకుండా టీటీఈని పిలవండి. లోయర్‌లో పడుకునేవాళ్లు కూడా కళ్లు మూసుకునే ముందు ఒకసారి పైకి చూసుకోండి.