శిస్తు కట్టలేని రైతు పత్రికకు ఎందుకు రాశాడు?

(మన ఊరి చరిత్రలు – తరువాయి భాగం)

పోయిన వారం క్లాసులో కంపెనీ కాలపు భూమిశిస్తు గురించి చెబుతుంటే ఒక విద్యార్థి అడిగాడు: "సార్, అధికారి కొడుతుంటే అధికారికే అర్జీ పెట్టుకోవచ్చు కదా, పేపరుకు ఎందుకు రాసుడు?" ఈ భాగం ఆ ప్రశ్నకు జవాబు.

మన కరీంనగర్, ఆదిలాబాద్ అప్పుడు నిజాం పాలనలో ఉన్నాయి. నేను చెప్పేది కంపెనీ నేరుగా ఏలిన మద్రాసు ప్రెసిడెన్సీ సంగతి. గుంటూరు, నెల్లూరు, కడప, బళ్ళారి అందులోవే.

అక్కడి రైత్వారీలో శిస్తును డబ్బు రూపంలో కట్టాలి. గింజల రూపంలో చెల్లదు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక చేనుకు పది రూపాయల శిస్తు అనుకుందాం. పుట్టి ధాన్యం ఇరవై రూపాయలు పలికితే అరపుట్టి అమ్మి బయటపడొచ్చు. ధర పదికి పడితే పుట్టి మొత్తం అమ్మాలి. చేను అదే, పంట అదే, కాగితం మీద శిస్తూ అదే. కానీ రైతు ఇంట్లోంచి పోయే గింజలు రెట్టింపు. 1820ల చివరి నుంచి 1850ల దాకా ఆ ప్రాంతంలో ధాన్యం ధరలు దిగజారే ఉన్నాయి.

కట్టలేనివాణ్ణి చావడికి పిలిచేవారు. ఎండలో వంగబెట్టి వీపు మీద రాయి పెట్టేవారు. కొయ్యల మధ్య వేళ్ళు పెట్టి నొక్కే 'కిట్టి' ఉండేది. మరి ఫిర్యాదు ఎవరికి చేయాలి? 1816 నుంచి శిస్తు వసూలు, పోలీసు అధికారం రెండూ కలెక్టరు, తహసీల్దారు చేతిలోనే ఉన్నాయి. కొట్టించినవాడే కేసు రాసుకోవాలి. నా విద్యార్థి ప్రశ్నకు జవాబు ఇదే. ఊళ్ళో తలుపులన్నీ ఒకే ఇంటివైతే, మనిషి ఊరి బయటి తలుపు కొడతాడు.

ఆ బయటి తలుపుల్లో ఒకటి మద్రాసులో ఉండేది. గాజుల లక్ష్మీనరసు చెట్టి అనే తెలుగు వర్తకుడు 1844లో మొదలుపెట్టిన 'క్రెసెంట్' పత్రిక అది. అది ఇంగ్లీషు పత్రిక. ఆయన పెట్టిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ 1852లో బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ రాసింది. మరుసటేడు డాన్‌బీ సేమర్ అనే ఎంపీ వచ్చి ఊళ్ళు తిరిగి చూశాడు. 1854లో పార్లమెంటులో చర్చ జరిగింది, విచారణకు కమిషన్ వేశారు. ఆ కమిషన్‌కు 1,959 ఫిర్యాదులు అందాయి. అందులో చాలావరకు ఉత్తరాలే. 519 మంది మాత్రం నేరుగా వచ్చి నిలబడ్డారు, కొందరు వందల మైళ్ళ దూరం నుంచి. 1857లో కార్ల్ మార్క్స్ ఈ నివేదిక ఆధారంగా న్యూయార్క్ పత్రికలో వ్యాసం రాశాడు.

1855 నివేదిక హింస నిజమేనని ఒప్పుకుంది. అయితే తప్పంతా కింది స్థాయి దేశీయ ఉద్యోగులదే అంది, తెల్ల అధికారులను వదిలేసింది. రైతు రాసింది శిస్తు భారం గురించి, కమిషన్ చదివింది బంట్రోతు క్రూరత్వం గురించి. అందుకే ఎక్కువగా కనబడే ఫలితం 1859 పోలీసు చట్టం: పోలీసును శిస్తు వసూలు నుంచి విడదీశారు. కొన్ని జిల్లాల్లో రేట్లూ తగ్గాయి గానీ, డబ్బు శిస్తు పద్ధతి మాత్రం నిలిచే ఉంది.

సాహిత్యం చదివినవాడిగా నేను ఉత్తరాన్ని ఇంకో వైపు నుంచి కూడా చూస్తాను. రైతు నోటి తెలుగు మాట రాయసగాడి చేతికి పోయింది, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి పోయింది. ఇన్ని చేతులు మారినా పట్టా ఉన్నవాడి గొంతు కొంతైనా మిగిలింది. పట్టా లేనివాడి సంగతి? పంట జప్తయితే కళ్ళంలో మాల, మాదిగలకు రావలసిన మేర గింజలూ పోతాయి. శిస్తు లెక్కలో పేరు లేదు గనుక వాళ్ళ నష్టం ఫిర్యాదు కూడా కాదు. పైగా రైతును చావడికి పిలవడానికి పంపేది ఊరి వెట్టివాణ్ణే. నివేదిక చెప్పిన 'కింది స్థాయి'లో అందరికన్నా కింద ఉన్నది అతనే.

మా ముత్తాత మా ఊళ్ళో మస్కూరి. పట్వారీ పిలుపు ఇంటింటికీ మోసేవాడు. తిట్లు ముందు ఆయనకే తగిలేవని మా అవ్వ చెప్పేది. పాత ఉత్తరం ఏది చేతికొచ్చినా రాసినవాడి పేరు చూశాక, ఆ రైతు గుమ్మం ముందు నిలబడి పిలిచినవాడు ఎవరా అని కూడా వెతుకుతాను.